38 నడుము ప్యాంటు 34కి, 32 ఫ్రాక్ 35కి: ఒకే ఇంటి బట్టల్లో ఆల్టరేషన్ హద్దులు

గుంటూరులో మా టైలరింగ్ షాపుకి ఏళ్లుగా వస్తున్న కుటుంబం ఒకటి ఉంది. ఇంటాయన బ్యాంకు ఉద్యోగి. షుగర్ వచ్చాక అన్నం తగ్గించి, నడక పెంచి బాగా సన్నబడ్డారు. అదే సమయంలో వాళ్లమ్మాయి ఎదిగింది. దగ్గరి పెళ్లి ఒకటి ఉందని ఇద్దరి బట్టలూ ఒకే సంచిలో వేసుకుని వచ్చారు. ఆయనవి రెడీమేడ్ షర్టులు, నేనే కుట్టిన బూడిద రంగు ప్యాంటు. అమ్మాయిది మంగళగిరి పట్టు చీరతో వేరే చోట కుట్టించిన లాంగ్ ఫ్రాక్. ఆయనవి తగ్గించాలి, అమ్మాయిది పెంచాలి. ఒకే ఆర్డర్‌లో రెండు పనులూ రావడంతో, ఏ బట్టను ఎంతవరకు మార్చగలం, ఎక్కడ ఆగాలి అన్నది చూపించడానికి ఈ కేసు బాగా పనికొస్తుంది.

ముందు లెక్క గురించి ఒక మాట, కస్టమర్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. "ఒక్క అంగుళమే కదా మాస్టారూ" అంటారు. షర్టుకి రెండు పక్కలు. ఒక్కో పక్క ముందు భాగం, వెనక భాగం కలుస్తాయి. అంటే కుట్టు నాలుగు పొరల మీద ఉంటుంది. కుట్టుని పావు అంగుళం లోపలికి జరిపితే మొత్తం చుట్టుకొలతలో 1 అంగుళం తగ్గుతుంది. పెంచేటప్పుడూ అంతే, పావు అంగుళం బయటికి జరిపితే 1 అంగుళం పెరుగుతుంది. ప్యాంటు వెనక మధ్య కుట్టుకి ఈ లెక్క పనిచేయదు. అది ఒకటే కుట్టు, రెండే పొరలు. అక్కడ అరంగుళం జరిపితేనే 1 అంగుళం. కాబట్టి "లోపల అంగుళం గుడ్డ ఉంది" అన్నప్పుడు అది ఏ కుట్టు దగ్గర ఉందో చూడకుండా ఎంత పెరుగుతుందో చెప్పలేం. పైగా ఉన్న గుడ్డంతా వాడుకోవడానికి కాదు. కొత్త కుట్టు నిలవాలంటే దాని అవతల కనీసం అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు, పట్టులాంటి దారాలు జారే గుడ్డకైతే అరంగుళం మిగలాలి. అంగుళం మార్జిన్ ఉంటే చేతికొచ్చేది ఇంచుమించు అరంగుళమే.

షర్టులు

షర్టుల సంగతి త్వరగా తేలిపోయింది. 42 సైజు రెడీమేడ్‌లు. టేపు పెడితే షర్టు చుట్టుకొలత చెస్ట్ దగ్గర 46 వచ్చింది. ఆయన ఒంటి కొలత ఇప్పుడు 39. ఫార్మల్ షర్టుకి 4 అంగుళాల లూజు ఇస్తే 43 చాలు. తగ్గించాల్సింది 3 అంగుళాలు, అంటే కుట్టు ముప్పావు అంగుళం లోపలికి జరగాలి. నేను షర్టు పక్కల్లో అంగుళం వరకు, అంటే మొత్తం 4 అంగుళాల వరకు ధైర్యంగా వెళతాను. అది దాటితే చంక దగ్గర చెయ్యి పట్టేస్తుంది. ఎందుకంటే షర్టు పక్క కుట్టు, చేతి కింది కుట్టు రెండూ వేరు కావు. అంచు నుంచి చంక మీదుగా కఫ్ దాకా ఒకటే గీత. పక్కని ఎంత తగ్గిస్తే చంక దగ్గర చేతినీ అంతే తగ్గించాలి, తర్వాత మోచేతి వైపు మెల్లగా పాత కుట్టులో కలపాలి. పక్క మాత్రమే తగ్గించి చేతిని వదిలేస్తే చంకలో గుడ్డ కుప్పపడుతుంది. ఈ షర్టుకి చేతి లూజు 17 ఉంది. ఒకటిన్నర తగ్గితే పదిహేనున్నర. ఆయన దండ చుట్టుకొలత 13. చెయ్యి పైకెత్తితే షర్టు ప్యాంటులోంచి లేచి రాదు. సరే అనుకున్నాను.

షోల్డర్ తగ్గించమని ఆయనే అడిగారు. షర్టు తొడిగించి భుజం ఎముక మీద వేలు పెట్టి చూశాను. కుట్టు ఎముక దాటి అరంగుళం కూడా లేదు. సన్నబడితే కండ తగ్గుతుంది కానీ భుజం ఎముక ఎక్కడికీ పోదు, కాబట్టి చెస్ట్‌లో 3 అంగుళాలు తగ్గిన మనిషికి షోల్డర్‌లో తగ్గేది కొంచెమే. షోల్డర్ చెయ్యాలంటే చేతులు పూర్తిగా విప్పి, చంక గుండ్రాన్ని లోపలికి కోసి, మళ్లీ చేతులు ఎక్కించాలి. లోపలికి కోసేకొద్దీ చంక రంధ్రం పెద్దదవుతుంది, చెయ్యి దానికి చాలదు. ఒక్కో పక్క అరంగుళం, మరీ అయితే ముప్పావు, అక్కడే ఆగాలి. ఇంకో సంగతి, షోల్డర్ అరంగుళం లోపలికి వెళితే కఫ్ కూడా అరంగుళం పైకి వెళుతుంది. ఫుల్ హ్యాండ్స్ షర్టు కాస్తా పొట్టి చేతుల షర్టు అవుతుంది. ఈ షర్టులకి చేతి పొడవు సరిగ్గా ఉంది కాబట్టి షోల్డర్ జోలికి వెళ్లలేదు.

కాలర్‌కి మాత్రం మార్గం లేదు. పదహారున్నర కాలర్, మెడ పదిహేనున్నరకి వచ్చింది. గుండీ అరంగుళం జరపొచ్చు. అంతకు మించి జరిపితే కాలర్ రెండు మొనలు సమానంగా కూర్చోవు, టై కడితే ముడి పక్కకి పోతుంది. రెడీమేడ్‌కి కొత్త కాలర్ కుట్టడానికి అదే గుడ్డ దొరకదు. "పై గుండీ పెట్టుకోకండి సార్" అని చెప్పి గుండీ అరంగుళం జరిపి వదిలేశాను.

రెడీమేడ్ షర్టు పక్క కుట్టు మడతేసి రెండు వరసలు వేసినది. లోపల అదనపు గుడ్డ ఉండదు. అందుకే ఆ షర్టుని తగ్గించగలం కానీ పెంచలేం. తగ్గించేటప్పుడు కూడా లోపల ముప్పావు అంగుళం గుడ్డ వదిలితే పలచటి షర్టులో బయటికి గీతలా కనపడుతుంది. కోసేసి ఓవర్‌లాక్ వెయ్యక తప్పదు. కోసే ముందు ఆయన్ని అడిగాను, బరువు మళ్లీ పెరిగితే ఈ షర్టులు వెనక్కి రావు, సరేనా అని. తగ్గి ఏడాది దాటిందనీ, అక్కడే నిలిచిందనీ చెప్పారు. అప్పుడే కత్తెర పట్టాను. రెండు నెలల్లో సన్నబడి ఉత్సాహంగా వచ్చేవాళ్లకి నేను షర్టులు కోయను. ఇంకొన్నాళ్లు ఆగి రమ్మంటాను.

ప్యాంటు

అసలు పని ప్యాంటులో ఉంది. పాలీ విస్కోస్ సూటింగ్, మా కొలతల పుస్తకంలో నడుము 38, సీటు 42 అని రాసి ఉంది. ఇప్పుడు టేపు చూపిస్తున్నది నడుము 34, సీటు ముప్పైతొమ్మిదిన్నర. నడుములో 4 అంగుళాలు తగ్గాలి.

ప్యాంటు నడుము తగ్గించమంటే చాలామంది వెనక మధ్య కుట్టు విప్పి అక్కడే అంతా లాగేస్తారు. అది తేలిక. బెల్ట్ పట్టీ కూడా మధ్యలో చీలి ఉంటుంది కాబట్టి విప్పి, కుట్టి, మళ్లీ మూసేయొచ్చు. 2 అంగుళాల వరకు ఆ పద్ధతిలో ఏ ఇబ్బందీ రాదు. రెండున్నర దగ్గర కంటికి తేడా తెలుస్తుంది. 4 అంగుళాలు అక్కడే తీస్తే ఏమవుతుందో ఈ ప్యాంటు మీదే చాక్‌తో గీసి ఆయనకి చూపించాను.

వెనక ఒక్కో జేబు వెడల్పు ఐదుంపావు. జేబు లోపలి అంచు నుంచి మధ్య కుట్టుకి 2 అంగుళాలు. అంటే రెండు జేబుల మధ్య 4 అంగుళాల ఖాళీ. నడుము దగ్గర కుట్టుని ఒక్కో పక్క 2 అంగుళాలు జరిపితే, మూడు అంగుళాల కింద జేబుల వరసకి వచ్చేసరికి అది ఒకటిన్నర దాకా ఉంటుంది. ఒక్కో పక్క మిగిలేది అరంగుళం. రెండు జేబులూ కలిసి ఒకే పెద్ద జేబులా కనపడతాయి. చూపు సంగతి అలా ఉంచితే, గుడ్డంతా వెనక్కి లాగడంతో పక్క కుట్లు తుంటి మీద నుంచి వెనక్కి తిరుగుతాయి. పక్క జేబులో చెయ్యి పెట్టాలంటే మోచెయ్యి వెనక్కి విరవాలి. ఇస్త్రీ గీత కూడా కాలి మధ్యలో నిలవక లోపలికి వాలిపోతుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డలో పాత గీత ఎంత ఆవిరి పట్టినా పూర్తిగా పోదు. కొత్త గీత పక్కనే పాతది కనపడుతూ ఉంటుంది.

కాబట్టి 4 అంగుళాలని సగం సగం పంచాను. వెనక మధ్య కుట్టులో 2, పక్క కుట్లలో 2. పక్కల్లో తీసేటప్పుడు ముందు భాగాన్ని ముట్టుకోలేదు. ముందు భాగం అంచులోనే వాలు జేబు ఉంటుంది. దాన్ని కదిలిస్తే జేబు నోరు, లోపలి సంచీ అన్నీ విప్పి కట్టాలి. పక్క కుట్టు విప్పి వెనక భాగం అంచుని మాత్రం అంగుళం లోపలికి తీసుకుని, ముందు భాగాన్ని పాత గీత మీదే కుట్టాను. అలా ఒక్కో పక్క 1 అంగుళం, రెండు పక్కలా 2. జేబుల వరస దగ్గర చూస్తే మధ్య కుట్టు వైపు 2 అంగుళాల ఖాళీ ఒకటింపావు అయింది, పక్క కుట్టు వైపు రెండుంపావు ఒకటిన్నర అయింది. జేబు ఇంచుమించు తన చోటే ఉంది.

ఇందుకు బెల్ట్ పట్టీని ఒక పక్క జేబు నుంచి రెండో పక్క జేబు దాకా పూర్తిగా విప్పాలి. బెల్ట్‌లో అదనంగా తేలే 4 అంగుళాలు వెనక మధ్యలోనే కోస్తాం, పక్కల్లో అతుకు వేస్తే చూడటానికి బాగుండదు. లూపులు విప్పి కొత్త దూరాలకి మళ్లీ కుట్టాలి. ఇంత పని ఉంది కాబట్టే కొత్త ప్యాంటు కుట్టుకూలిలో సగం తీసుకుంటాను, ముందే చెబుతాను. నడుములో 5 అంగుళాలు దాటితే ఇక ఒప్పుకోను. అప్పటికి వెనక భాగాన్ని మళ్లీ కటింగ్ చేసినంత పని అవుతుంది, జేబులు మాత్రం పాతచోటే ఉంటాయి.

నడుము తగ్గాక అసలు తప్పులు కనపడే చోటు సీటు కింద. ఆయన నడుము ఒక్కటే తగ్గలేదు, పిరుదుల దగ్గర కండ కూడా తగ్గింది. నడుము బిగించి సీటుని వదిలేస్తే, నిలబడినప్పుడు సీటు కింద గుడ్డ వేలాడుతుంది, తొడ వెనకాల అడ్డంగా మడతలు పడతాయి. నడుములో తీసిన కుట్టుని సీటు దగ్గరికి వచ్చేసరికి సున్నాకి కలిపేసే టైలర్లు ఈ మడతల్ని చూసి ఇస్త్రీతో సరిచేయాలని చూస్తారు. అది ఇస్త్రీతో పోయేది కాదు. మధ్య కుట్టులో సీటు దగ్గర కూడా అరంగుళం లోపలికి తీసుకున్నాను. ఆ తర్వాత కాళ్ల మధ్య నాలుగు కుట్లు కలిసే చోటు విప్పాను. అక్కడ వెనక భాగం మొన ముందు భాగం కంటే పొడవుగా తొడ కిందికి వస్తుంది. ఆ మొనని అరంగుళం తగ్గించి, లోపలి కాలి కుట్టుని మోకాలి దగ్గరికి వచ్చేసరికి పాత గీతలో కలిపాను. మోకాలి కింద ఏమీ మారలేదు కాబట్టి ఇస్త్రీ గీత, బాటమ్ ఉన్నచోటే ఉన్నాయి.

పూర్తిగా కుట్టే ముందు పొడవాటి పచ్చి కుట్లు వేసి ట్రయల్ చేయించాను. నిలబెట్టి చూస్తే అంతా బాగుంది. ప్యాంటు ట్రయల్ నిలబెట్టి చూసి ముగించకూడదు. స్టూలు మీద కూర్చోమన్నాను, నేల మీద పడ్డ టేపు తియ్యమన్నాను. కూర్చోగానే పక్క జేబుల నోళ్లు తెరుచుకున్నాయి. సీటు ఎక్కువ బిగించామని చెప్పడానికి అదే మొదటి గుర్తు, వాళ్లు "టైట్‌గా ఉంది" అని చెప్పకముందే జేబు నోళ్లు చెబుతాయి. మధ్య కుట్టుని సీటు దగ్గర అరంగుళానికి బదులు పావే ఉంచాను, అంటే మొత్తం మీద అరంగుళం వదిలాను. మళ్లీ కూర్చుంటే జేబులు మూసుకునే ఉన్నాయి.

ఇప్పుడు లోపల మిగిలిన గుడ్డ. నేను కుట్టే ప్యాంటుకి వెనక మధ్యలో నడుము దగ్గర ఒకటింపావు మార్జిన్ వదులుతాను. ఇప్పుడు ఇంకో అంగుళం చేరి రెండుంపావు అయింది. అంత గుడ్డ లోపల ఉంటే కూర్చున్నప్పుడు వీపు కింద కట్టలా తగులుతుంది. ఒకటిన్నరకి కోశాను. అందులో కుట్టుకి అరంగుళం పోను ఒక్కో పక్క అంగుళం వాడుకోవచ్చు, అంటే 2 అంగుళాలు. పక్కల్లో తీసిన అంగుళాన్ని అసలు కోయలేదు. ఏ రోజైనా ఆయన మళ్లీ 38కి వస్తే ఈ ప్యాంటు కూడా వస్తుంది. అయితే అలా తిప్పి పెంచిన రోజున లోపల దాగిన గుడ్డ రంగు, బయట ఎండకి, ఉతుకుకి వెలిసిన రంగు కలవకపోవచ్చు. పెంచమని ఎవరైనా ప్యాంటు తెస్తే నేను మొదట చేసే పని తిరగేసి మార్జిన్ రంగుని బయటి రంగు పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడటం. ట్యూబ్‌లైట్ కింద అన్నీ కలిసినట్టే ఉంటాయి.

ఇస్త్రీలో ఒక చిన్న జాగ్రత్త. వెడల్పు మార్జిన్ మీద నేరుగా పెట్టె పెడితే దాని అంచు బయటి వైపు గీతలా అచ్చుపడి మెరుస్తుంది. మార్జిన్‌కి, ప్యాంటు గుడ్డకి మధ్య దళసరి కాగితం పట్టీ దోపి ఇస్త్రీ చేస్తే ఆ అచ్చు పడదు.

సంచిలో జీన్స్ కూడా ఒకటి వచ్చింది. దానికి సీటు దగ్గర మడతేసిన రెండు వరసల కుట్టు, బెల్ట్ ఒకే పట్టీ. నడుములో ఒకటిన్నర అంగుళం తగ్గించి ఇచ్చాను. జీన్స్‌ని అంతకంటే లాగితే వెనక అతుకు బయటపడుతుంది.

ఫ్రాక్

అమ్మాయి ఫ్రాక్ దగ్గర వాళ్లమ్మగారు ముందే అన్నారు, "రెండేళ్లే అయింది మాస్టారూ, నాలుగుసార్లు కూడా వెయ్యలేదు. పక్కలు విప్పితే సరిపోతుంది కదా?" బ్లౌజులు కుట్టించుకున్న అలవాటుతో వచ్చిన ప్రశ్న అది. మన వైపు బ్లౌజు కుట్టేవాళ్లు పక్కల్లో బాగా గుడ్డ వదిలి, అరంగుళానికో పావు అంగుళానికో ఒక్కొక్కటిగా రెండు మూడు వరసలు కుట్టి పెడతారు. ఒళ్లు వస్తే లోపలి వరస విప్పుకుంటే చాలు, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫ్రాక్ కూడా అలాగే ఉంటుందనుకున్నారు.

ఫ్రాక్ చెస్ట్ 32 ఉంది. అమ్మాయికి ఇప్పుడు 35 కావాలి. 3 అంగుళాలు పెంచాలంటే నాలుగు పొరల్లోనూ ముప్పావు చొప్పున గుడ్డ కావాలి, కుట్టుకి మరో అరంగుళం. అంటే లోపల ఒకటింపావు మార్జిన్ ఉంటేనే పని. తిరగేసి చూస్తే పై గుడ్డకి అంగుళం ఉంది. లైనింగ్‌కి ముప్పావే ఉంది. చేతి లోపల అరంగుళం, అదీ ఓవర్‌లాక్‌తో కలిపి.

పెంచే పనిలో ఈ మూడింటిలో ఏది తక్కువ ఉంటే అదే హద్దు. పై గుడ్డ చూస్తే 2 అంగుళాలు పెరిగేలా ఉంది. లైనింగ్ చూస్తే 1 అంగుళమే. లైనింగ్ బిగిసి ఉంటే పై గుడ్డ ఎంత లూజైనా ఒంటికి బిగుతుగానే ఉంటుంది, పైగా బరువంతా లైనింగ్ కుట్టు మీద పడి అది చిట్లుతుంది. చేతిలో అయితే ఏమీ పెరగదు. పక్క పెంచి చేతిని పెంచకపోతే చంక దగ్గర రెండు చుట్టుకొలతలు కలవవు. అమ్మగారికి లోపల చూపిస్తూ ఇదే చెప్పాను, పక్కలు విప్పితే రాదమ్మా, ముక్క వెయ్యాలి అని.

ముక్క అనగానే ఆవిడ ముఖం చిన్నబోయింది. అయితే ఈ గుడ్డకి ముక్క వెయ్యడమే మేలని నాకు విప్పి చూశాక ఇంకా గట్టిగా అనిపించింది. పట్టు కలిసిన గుడ్డని పెంచేటప్పుడు నేను ముందు చంక కింద రెండు అంగుళాల మేర కుట్టు విప్పి, తడిగుడ్డ పెట్టి ఇస్త్రీ చేసి, వెలుతురుకి పట్టుకుని చూస్తాను. నూలు గుడ్డలో సూది రంధ్రాలు ఒక ఉతుకుకే పూడుకుంటాయి. ఇక్కడ పూడలేదు, చుక్కల గీత అలాగే నిలిచింది. దానికి తోడు పాత కుట్టు వెంట చెమట మరక పలచగా ఉంది. ఉన్న మార్జిన్ కొంత వదిలి, మిగతాకి చిన్న ముక్క వేస్తే ఆ చుక్కల గీత, మరక రెండూ బయటి వైపుకి వస్తాయి. మార్జిన్‌ని అసలు వదలకుండా, పాత కుట్టు గీత మీదే ముక్కని అతికితే ఆ రెండూ కొత్త కుట్టు కిందే ఉండిపోతాయి. అందుకని చిన్న ముక్క కంటే పెద్ద ముక్కే శుభ్రంగా కనపడుతుంది.

గుడ్డ ఎక్కడిది అన్నది తర్వాతి ప్రశ్న. అదృష్టం కొద్దీ చీరలో వచ్చిన బ్లౌజ్ పీస్ కోయకుండా దాచారు. మెరూన్ ఒళ్లు, నిజాం బోర్డర్. ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేసి తెమ్మన్నాను. చేనేత గుడ్డ కొత్తలో కొంత ముడుచుకుంటుంది, కుట్టాక ముడుచుకుంటే ముక్క పక్కని లాగి ఫ్రాక్ వంకర పోతుంది. ఆరాక పక్కన పెడితే రంగు ఒక పిసరు ముదురు. పక్క భాగంలో చెయ్యి కింద ఉంటుంది కాబట్టి సర్దుకుంటుంది. ఇదే తేడా ముందు భాగంలో అయితే ఒప్పుకునేవాణ్ని కాదు.

పక్క ముక్క కుట్లు పోను పైన ఒకటిన్నర వెడల్పు, నడుము దగ్గర 1 అంగుళం. రెండు పక్కలా కలిపి చెస్ట్‌లో 3, నడుములో 2 పెరిగాయి. నడుము 28 నుంచి 30 అయింది. అదే కొలతలో లైనింగ్‌కీ ముక్కలు కోశాను. చేతి కింద కూడా పైన ఒకటిన్నరతో మొదలై మోచేతి దగ్గర అరంగుళానికి సన్నబడే ముక్క వేశాను. చంకలో పక్క ముక్క అతుకులు, చేతి ముక్క అతుకులు ఎదురెదురుగా కలవాలి. ఒక నూలుపోగు అటూ ఇటూ అయినా చెయ్యి ఎత్తినప్పుడు అక్కడే కళ్లు పడతాయి. అక్కడ మిషన్ ఎక్కే ముందు చేత్తో పచ్చి కుట్టు వేసుకున్నాను.

చుట్టుకొలత తేలింది కానీ పొడవు మిగిలింది. అమ్మాయి ఎదిగింది కాబట్టి నడుము కూడా కిందికి దిగింది. భుజం నుంచి ఫ్రాక్ నడుము కుట్టు పదమూడున్నర దగ్గర ఉంది, అమ్మాయి నడుము ఇప్పుడు పద్నాలుగున్నర. నడుము కుట్టులో అరంగుళం మార్జిన్, అందులో దింపగలిగింది ఏమీ లేదు. కింద అంచులో మడత ఉంటుందనుకుంటే అక్కడా లేదు. చీరతో కుట్టే ఫ్రాక్‌లకి బోర్డర్ అంచునే కింద అంచుగా ఉంచేస్తారు, మడత వెయ్యరు. కుట్టినప్పుడు అది అందమే, పెంచాల్సి వచ్చినప్పుడు అక్కడ వేలెడు గుడ్డ కూడా దొరకదు. చీరతో పిల్లలకి ఫ్రాక్ కుట్టించేవాళ్లు నడుము దగ్గర కుచ్చిళ్ల లోపల రెండంగుళాలు మడిచి పెట్టమని అడగడం మంచిది. అదనంగా అయ్యే పని చాలా తక్కువ.

బ్లౌజ్ పీస్ బోర్డర్‌తో ఒకటిన్నర వెడల్పు పట్టీ చేసి పైభాగానికి, కుచ్చిళ్ల భాగానికి మధ్యలో వేశాను. పట్టీ పై అంచు పాత చోటే, కింది అంచు 15 దగ్గర. అమ్మాయి అసలు నడుము పట్టీ మధ్యలో పడింది. కింద జరీ, నడుము దగ్గర జరీ ఉండటంతో అది అతుకని ఎవరికీ తోచదు. నడుము 2 అంగుళాలు పెరిగినందుకు కుచ్చిళ్లు కొద్దిగా విప్పి మళ్లీ సర్దితే సరిపోయింది, అంత గుడ్డ కుచ్చిళ్లలో ఎప్పుడూ ఉంటుంది. లోపలి లైనింగ్ గేరాగా కోసినది, దాని పై అంచుని కాస్త కిందికి కోస్తే నడుము దానంతటదే వెడల్పైంది. వెనక జిప్పు నడుము కుట్టు దాటి దిగుతుంది. పట్టీ వచ్చేసరికి పాత జిప్పు చాల్లేదు, పొడవైనది వేశాను.

ముందు భాగంలో డాట్లు మాత్రం ఉన్నచోటే ఉంచాను. అవి ఇప్పుడు ఉండాల్సిన దానికంటే కాస్త పైదాకా వెళుతున్నాయి. పూర్తిగా విప్పి కొత్త చోట వేస్తే పాత రంధ్రాలు ఛాతీ మీద కనపడతాయి. డాట్ పై కొస ముప్పావు అంగుళం మేర విప్పి, ఆవిరి పట్టి వదిలాను. నాలుగైదు రంధ్రాలు దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తాయి. అది అమ్మగారికి ముందే చూపించి, సరే అన్నాకే విప్పాను. ట్రయల్‌లో అమ్మాయి రెండు చేతులూ తల మీదికి ఎత్తింది. పట్టీ ఒక అంగుళం పైకి వెళ్లి మళ్లీ తన చోటికి దిగింది. చంక దగ్గర అడ్డంగా లాగిన గీతలు లేవు. పొడవు మొత్తం ఒకటిన్నర అంగుళమే పెరిగింది కాబట్టి ఒకప్పుడు నేలని తాకిన ఫ్రాక్ ఇప్పుడు చీలమండ పైన ఆగింది. "కాలి పట్టీలు కనపడతాయిలే" అని అమ్మాయే అనేసింది.

అమ్మగారి రెడీమేడ్ కుర్తీ ఒకటి పెంచమని సంచి అడుగున ఉంది. తిరగేస్తే పావు అంగుళం ఓవర్‌లాక్ తప్ప లోపల ఏమీ లేదు. ముక్క వెయ్యడానికి అదే ప్రింటు దొరకదు. వెనక్కి ఇచ్చేశాను.

డెలివరీ రోజు కొలతల పుస్తకంలో ఆయన పేజీలో కొత్త కొలతల కింద "ప్యాంటు వెనక 2, పక్కలు 2 ఉంది, షర్టుల్లో లేదు" అని రాసుకున్నాను. ఫ్రాక్ గురించి అమ్మగారు అడిగారు, వచ్చే ఏడాది ఇంకొంచెం పెంచొచ్చా అని. పక్క ముక్కల్లో ఒక్కో అతుకుకి ముప్పావు మార్జిన్ పెట్టాను. కానీ అతుకుకి ఫ్రాక్ వైపు ఉన్నది పాత చుక్కల గీత, మరక. వాటిని బయటికి తేకుండా ముక్క వైపు మాత్రమే వదలగలం. ఒక్కో అతుకులో పావు, నాలుగు అతుకులు కలిపి 1 అంగుళం. ఆ పైన షోల్డర్ చాలదు, షోల్డర్‌కి ముక్క వెయ్యలేం. అప్పుడు పైభాగాన్ని విడదీసి, పట్టీతో సహా కింది భాగాన్ని లంగాగా ఉంచుకోవచ్చని చెప్పాను. మిగిలిన బ్లౌజ్ పీస్ ముక్క కవర్లో పెట్టి ఫ్రాక్‌తోపాటే ఇచ్చి పంపాను.